లిఫోలో లాభం తగ్గితే డబ్బు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: లిఫోకు మారాక లాభం తగ్గింది, అంటే వ్యాపారం దెబ్బతింది.

చివర కొన్న సరుకే ముందు అమ్ముడైనట్టు ఖరీదు లెక్క రాసే పద్ధతి లిఫో. ఈ భయంతోనే చాలామంది నిక్షేపంలాంటి ఈ పద్ధతిని వదిలేస్తారు. ఒక లెక్క చూడండి. ఏడాదిలో మూడుసార్లు వంద యూనిట్ల చొప్పున సరుకు కొన్నారు. యూనిట్ ధర మొదట 10 డాలర్లు, తర్వాత 12, చివర్లో 15. మొత్తం ఖర్చు 3,700. అందులో 200 యూనిట్లు 20 చొప్పున అమ్మితే వచ్చింది 4,000.

ఫిఫోలో పాత సరుకు ముందు పోయినట్టు రాస్తాం. అమ్మిన సరుకు ఖరీదు 2,200, స్థూల లాభం 1,800. లిఫోలో 15ది, 12ది ముందు పోతాయి. ఖరీదు 2,700, లాభం 1,300. తేడా 500 ఎక్కడికీ పోలేదు. ఫిఫోలో మిగిలిన వంద యూనిట్ల విలువ 1,500 అని, లిఫోలో 1,000 అని చూపిస్తున్నాం, అంతే. దీన్నే లిఫో రిజర్వ్ అంటారు.

ఇప్పుడు గల్లాపెట్టె చూడండి. ఏ పద్ధతిలోనైనా చేతిలో ఉన్నది 300 డాలర్లే. మిగతా ఖర్చులు పక్కనపెట్టి, అమెరికా ఫెడరల్ కార్పొరేట్ పన్ను 21 శాతం వేస్తే ఫిఫోలో కట్టాల్సింది 378, లిఫోలో 273. ఎక్కువ లాభం చూపిన పుస్తకంలోనే పన్ను కట్టడానికి చేతిలో డబ్బు 78 చాలలేదు! ఆ అదనపు 500 అమ్మకంలో మిగిలింది కాదు, పాత సరుకు ధర పెరగడంవల్ల కనిపించింది. మళ్లీ సరుకు కొనాలంటే 15 పెట్టాల్సిందే కదా.

అపోహ: ధరలు పెరిగినంతకాలం లిఫోలో లాభం తక్కువే.

నిల్వ తగ్గనంతవరకే. మరుసటి ఏడాది 18 చొప్పున వందే కొని, 22 చొప్పున 200 అమ్మారనుకోండి. కొత్త వంద అయిపోయాక ఏనాటిదో 10 డాలర్ల సరుకు ఖర్చులోకి వస్తుంది. లిఫో లాభం 1,600, ఫిఫోలో 1,100. నిరుడు తగ్గిన 500 ఇప్పుడు పన్నుతో సహా తిరిగొచ్చింది. అంటే లిఫో పన్నును వాయిదా వేసింది, మాఫీ చేయలేదు. సరఫరా ఆగి నిల్వ కరిగిన ఏడాది ఇలాంటి పన్ను పడితే తట్టుకోవడం కష్టం. అందుకే ఏడాది ముగిసేలోపే యూనిట్లు లెక్కబెట్టి, మొదట్లో ఉన్నదానికంటే తగ్గితే, అవసరమైన సరుకైతే ఆ లోటు అప్పుడే కొనేయాలి. రిజర్వ్ అంకె హఠాత్తుగా తగ్గిందంటే రెండు కారణాలు చూడాలి: ధరలు పడ్డాయా, నిల్వ కరిగిందా.

అపోహ: గోదాములోనూ కొత్త సరుకే ముందు పంపాలి.

అక్కర్లేదు. పాడయ్యే సరుకైతే పాతదే ముందు పంపండి. లిఫో ఖరీదు లెక్కకే.

అపోహ: పన్నుకు లిఫో, బ్యాంకుకు ఫిఫో చూపించుకోవచ్చు.

అమెరికాలో పన్నుకు లిఫో వాడితే వాటాదారులకు, అప్పిచ్చేవాళ్లకు చూపే లాభం కూడా ప్రధానంగా లిఫోలోనే ఉండాలి. ఐఎఫ్ఆర్ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే చోట్ల, వాటిలో సరుకు నిల్వలకు సంబంధించిన ఐఏఎస్ 2 ప్రకారం లిఫోకు అసలు అనుమతే లేదు.