నేను తిన్న పళ్ళెం

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అమ్ములూ, చిన్నా,

నాగార్జునసాగర్ డ్యామ్ చూసొచ్చి మీరిద్దరూ ఇంగ్లీషులో రాసిన పేజీని మీ నాన్న నాకు ఫోన్‌లో పంపాడు. రెండుసార్లు చదివాను. స్పెల్లింగు తప్పులు పెద్దగా లేవు. కానీ మొదటి వాక్యం దగ్గరే నవ్వొచ్చింది. కోప్పడకండి, ఆ తప్పు నేనూ చేశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ ఉత్తరంలో ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కంటితో దాటేసి పోకుండా నోటితో పైకి చదవాలని. చెవికి వినిపిస్తే తప్పు ఎక్కడుందో తొందరగా దొరుకుతుంది.

మీ మొదటి వాక్యం ఇది: "యెస్టర్‌డే వి క్లైంబ్డ్ బస్ హాలియా నియర్ స్టాప్డ్."

మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం నాకు తెలుసు: నిన్న మేము ఎక్కిన బస్సు హాలియా దగ్గర ఆగిపోయింది. తెలుగులో ఒక్క మాట కూడా తప్పు లేదు. మీరు ఆ మాటలను ఉన్న వరుసలోనే, ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు మాట పెట్టుకుంటూ పోయారు. తెలుగు రానివాడు దీన్ని ఎట్లా చదువుతాడో చూడండి. "వి క్లైంబ్డ్ బస్" అనగానే వాడికి వాక్యం అయిపోయింది. మేము బస్సెక్కాము, అంతే. ఆ తర్వాత "హాలియా నియర్ స్టాప్డ్" అంటే ఎవరు ఆగారు? బస్సా, మీరా, హాలియానా? వాడు అక్కడే నిలబడిపోతాడు.

మనకు ఆ ఇబ్బంది ఎందుకు రాదంటే, 'ఎక్కాము' వేరు, 'ఎక్కిన' వేరు. 'ఎక్కిన' అని వినగానే మాట ఇంకా అయిపోలేదని, వెనక ఏదో పేరు వస్తుందని మన చెవికి తెలుసు. ఇంగ్లీషులో మీరు రెండింటికీ 'క్లైంబ్డ్' అనే రాశారు. ఆ మాటకు 'ఎక్కాము' అనే అర్థమే ముందు తోస్తుంది. మన దగ్గర మాట చివర చేసే పనిని వాళ్ళ దగ్గర మాట ఉన్న చోటు చేస్తుంది. 'కుక్కను కోతి కరిచింది' అన్నా, 'కోతి కుక్కను కరిచింది' అన్నా కరిచింది కోతే, ఆ 'ను' చెప్తుంది. ఇంగ్లీషులో కుక్కను ముందు పెట్టి "ద డాగ్ బిట్ ద మంకీ" అంటే కరిచింది కుక్క అయిపోతుంది.

సరే, మీ బస్సును బాగు చేద్దాం. తెలుగు వాక్యాన్ని తోక నుంచి పట్టుకోండి. చివరి మాట 'ఆగిపోయింది'. ఏది ఆగిపోయింది? బస్సు. ఈ రెండూ కలిస్తే వాక్యానికి నిట్టాడు దొరికినట్టే: "ద బస్ బ్రోక్ డౌన్". 'స్టాప్డ్' అని ఎందుకు అనలేదంటే, స్టేజీ రాగానే ఆగిన బస్సు కూడా 'స్టాప్డ్' అవుతుంది. మీది ఇంజను చెడి ఆగింది కదా.

ఇప్పుడు బస్సు ముందు మనం ఏం తగిలించామో చూడండి: 'నిన్న మేము ఎక్కిన'. ఏ బస్సో చెప్పే ముక్క ఇది. తెలుగులో పేరుకు ముందు ఉంటుంది, ఇంగ్లీషులో పేరు వెనక్కి పోతుంది: "ద బస్ వి టుక్ యెస్టర్‌డే". బస్సును 'క్లైంబ్' అంటే గుట్ట ఎక్కినట్టు, టాపు మీదికి పాకినట్టు ఉంటుంది. 'హాలియా దగ్గర'లో 'దగ్గర' ఊరు వెనక ఉంది, 'నియర్' ఊరు ముందుకు రావాలి. మొత్తం కలిపి: "ద బస్ వి టుక్ యెస్టర్‌డే బ్రోక్ డౌన్ నియర్ హాలియా." పైకి చదవండి. ఎక్కడా నిలబడాల్సిన పని లేదు.

ఇక అసలు చిక్కు. అమ్ములూ, నువ్వు ఇట్లా రాశావు: "ద ప్లేట్ ఐ ఏట్ వాజ్ స్టీల్." పేరును ముందుకు తెచ్చి, దాని గురించిన ముక్కను వెనక్కి పంపావు. వరుస సరిగ్గానే ఉంది. అయినా ఇంగ్లీషు వాడికి నువ్వు ఆ స్టీలు పళ్ళేన్ని కరకరా నమిలి మింగినట్టు వినిపిస్తుంది!

తెలుగులో 'నేను తిన్న అన్నం' అంటాం, 'నేను తిన్న పళ్ళెం' అని కూడా అంటాం. రెండింట్లో 'తిన్న' ఒక్కటే. తిన్నది అన్నాన్ని, పళ్ళెంలో తిన్నాం అని వినేవాడు తనంతట తానే సర్దుకుంటాడు. తెలుగు ఇక్కడ ఒక చిన్న ముక్కను మింగేస్తుంది, ఇంగ్లీషు మింగనివ్వదు. ఆ ముక్క ఏదో తెలుసుకోవడానికి నేను బళ్ళో పిల్లలకు ఒక పని చెప్పేవాణ్ణి. 'తిన్న పళ్ళెం' అనే మూటను విప్పి మామూలు వాక్యం చేయమనేవాణ్ణి: నేను పళ్ళెంలో తిన్నాను. 'లో' బయటికొచ్చింది చూశారా? మూట కట్టినప్పుడు లోపలికి పోయింది అదే. ఇంగ్లీషులో దాన్ని చివర పెట్టాలి: "ద ప్లేట్ ఐ ఏట్ ఫ్రమ్".

'నేను రాసిన పెన్ను' విప్పితే 'పెన్నుతో రాశాను'. 'తో' దొరికింది కాబట్టి "ద పెన్ ఐ రోట్ విత్". 'మేము కూర్చున్న చెట్టు' విప్పితే 'చెట్టు కింద కూర్చున్నాము', అంటే "ద ట్రీ వి శాట్ అండర్". అదే 'పిట్ట కూర్చున్న చెట్టు' అయితే 'కింద' కాదు, కొమ్మ మీద. తెలుగులో మీరు కూర్చున్నా, పిట్ట కూర్చున్నా ఆ మాట మారదు. విప్పి చూస్తే తప్ప తేడా బయటపడదు. ఇంకో సంగతి, మన 'లో'కు ప్రతిసారీ 'ఇన్' రాదు. పళ్ళేనికి 'ఫ్రమ్' వచ్చింది కదా. విప్పడం వల్ల అక్కడ ఒక ముక్క కావాలని తెలుస్తుంది. ఏ ముక్కో మాత్రం ఇంగ్లీషు చదివే నేర్చుకోవాలి. చోటును, రోజును చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా అక్కర్లేకుండా పోతుంది: 'నేను చదివిన బడి'ని "ద స్కూల్ వేర్ ఐ స్టడీడ్" అనొచ్చు, 'వాన పడిన రోజు' అయితే "ద డే ఇట్ రెయిన్డ్" చాలు.

నా కథ చెప్తానన్నాను కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసుకు దరఖాస్తు రాస్తూ 'నేను జీతం తీసుకున్న బ్యాంకు' అని మనసులో అనుకొని, "ద బ్యాంక్ ఐ టుక్" అని మొదలుపెట్టి, జీతం మాట మరిచిపోయి, కింద సంతకం పెట్టి పంపాను. అక్కడి గుమాస్తా నన్ను పిలిచి, "సారూ, బ్యాంకును తీసుకొని ఎక్కడ పెట్టిన్రు?" అని అడిగాడు. వారం రోజులు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచే నాకు ఈ మూటలు విప్పే అలవాటు పట్టింది.

చిన్నా, నీ వాక్యం కూడా ఒకటుంది: "నెహ్రూ ఫౌండేషన్ స్టోన్ లేడ్ డ్యామ్ వి సా." నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ చూశాము అని. విప్పుదాం: నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 'కు' దొరికింది. దీనికి ఇంగ్లీషులో 'హూజ్' కావాలి: "వి సా ద డ్యామ్ హూజ్ ఫౌండేషన్ స్టోన్ నెహ్రూ లేడ్ ఇన్ 1955." తప్పేమీ లేదు. కానీ నేనైతే అట్లా రాయను. నోరు తిరగదు, పిల్లవాడు రాసినట్టు కూడా ఉండదు. రెండుగా విడగొడతాను: "వి సా ద డ్యామ్. నెహ్రూ లేడ్ ఇట్స్ ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1955." తెలుగులో ఒక్క వాక్యం ఉంది కాబట్టి ఇంగ్లీషులోనూ ఒక్కటే ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు.

మూట లోపల మూట ఉన్నప్పుడైతే విడగొట్టక తప్పదు. మీ మామ గురించి మీ అమ్మమ్మ ఒకే ఊపిరిలో అన్న మాట వినండి: 'తోటలో కాసిన బత్తాయిలు అమ్మగా వచ్చిన డబ్బుతో కొన్న గడియారం పోగొట్టుకున్నాడు.' ఎంత హాయిగా ఉందో చూడండి. కాసిన, వచ్చిన, కొన్న, మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే 'దట్' వెనక 'దట్' వచ్చి చదివేవాడికి ఆయాసం వస్తుంది. అప్పుడు పని జరిగిన వరుసలో చెప్పేయండి: "అంకుల్ సోల్డ్ ద స్వీట్ ఆరెంజెస్ ఫ్రమ్ హిజ్ ఆర్చర్డ్ అండ్ బాట్ ఎ వాచ్ విత్ ద మనీ. నౌ హి హ్యాజ్ లాస్ట్ ఇట్." గడియారం పోయిన బాధ చివరి ముక్కలో విడిగా పడింది, అది ఇంకా బాగుంది.

'లేచి, స్నానం చేసి, సద్ది తిని, బస్సెక్కి' లాంటివి మీ పేజీలో చాలా ఉన్నాయి. వాటన్నిటికీ మీరు "గెటింగ్ అప్, బేతింగ్, ఈటింగ్" అని 'ఇంగ్' తగిలించుకుంటూ పోయారు. అంత కష్టం వద్దు. 'మేము'ను ముందు పెట్టి మామూలు క్రియలు వరుసగా రాయండి: "వి గాట్ అప్ అర్లీ, బేత్డ్, ఏట్ అండ్ కాట్ ద బస్." ఒక్కచోట మాత్రం జాగ్రత్త. 'వానలో తడిసి జ్వరం వచ్చింది' అని రాశారు. తడిసింది నువ్వు, వచ్చింది జ్వరం. తెలుగు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఇంగ్లీషులో "గెటింగ్ వెట్, ఫీవర్ కేమ్" అంటే జ్వరమే తడిసినట్టు అవుతుంది. "ఐ గాట్ వెట్ ఇన్ ద రెయిన్ అండ్ కాట్ ఎ ఫీవర్" అని రాయి.

మిగతా తప్పులకు పేజీ మీదే ఎర్ర గీతలు పెట్టి నాన్నకు పంపుతున్నాను. ఇంకో వాక్యం ఇస్తాను, ఇంగ్లీషులో పెట్టి నాకు రాయండి: తాత ఈ ఉత్తరం రాసిన పెన్నులో ఇంకు అయిపోయింది. ముందు మూట విప్పండి. తాత పెన్నును రాశాడని మాత్రం పంపకండి.

మీ తాత