బిరడా కదలడం లేదా? పైన కాదు, కింద చూడండి

ప్లంబింగ్ పనిలో నాకు ఎక్కువగా విసుగు తెప్పించేది నీటి చుక్క కాదు, మాట. "బేసినులో నీళ్లు ఆపే పాప్-అప్ బిరడా బిగుసుకుపోయిందంటే ఫిట్టింగు మొత్తం పోయినట్టే, బేసిను చిల్లులో బిగించే వేస్టు కప్లింగుతో సహా మార్చాల్సిందే" అనే మాట. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో కొత్త ఫిట్టింగు డబ్బా సిద్ధంగా ఉంటుంది. పాతదాన్ని ఊడదీయబోయి బేసిను అంచు పెచ్చు లేపిన వాళ్లనూ చూశాను.

ముందుగా ఒక మాట. కుళాయి వెనుక పైకి లాగే పిడి ఉన్న బేసిన్ల గురించే నేను చెబుతున్నది. వేలితో నొక్కితే తెరుచుకుని, మళ్లీ నొక్కితే మూసుకునే రకానికి కింద కడ్డీలేవీ ఉండవు. దాని సంగతి వేరు.

అపోహ: బిరడా కదలడం లేదంటే బిరడా చెడిపోయింది.

బిరడాలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. దాన్ని ఆడించేదంతా బేసిను కింద ఉంది. పిడికి ఒక నిలువు కడ్డీ, దాని కింద చిల్లుల పట్టీ, ఆ పట్టీలోంచి వేస్టు గొట్టంలోకి వెళ్లే అడ్డ కడ్డీ. అడ్డ కడ్డీ మధ్యలో ఒక బంతి ఉంటుంది, దాని మీద ఇది ఊయల బల్లలా ఊగుతుంది. పిడిని పైకి లాగితే బయటి కొన లేస్తుంది, గొట్టంలోని కొన దిగుతుంది, బిరడా మూసుకుంటుంది. కిందికి నొక్కితే అంతా తిరగబడుతుంది. ఈ తలకిందుల లెక్క బుర్రకెక్కితే సగం పని అయినట్టే. పిడి లేస్తే బిరడా లేస్తుందనుకుని తప్పు దిక్కుకు సవరించేవాళ్లే ఎక్కువ.

ఈ మధ్య ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. బిరడా మూసుకుని ఉండిపోయింది. "ఇల్లంతా నీళ్లవుతుందేమో బాబూ" అని రెండు రోజులుగా ఆ గదిలో కుళాయి తిప్పడమే మానేశారు. బేసిను పైభాగంలో ఉన్న పొర్లు చిల్లును చూపించాను. అందులోకి వెళ్లిన నీరు బేసిను గోడ లోపలి దారిన బిరడా కిందికి చేరుతుంది. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేస్తే ఆ చిల్లు అంత నీటిని లాగలేదు గానీ, సన్నగా పారే నీటికి భయం లేదు. ఆవిడ ముఖంలో అప్పటికి కాస్త వెలుగు వచ్చింది.

పిడి పట్టుకుని ఆడించాను. గాలిలో ఊపినట్టు తేలిగ్గా కదిలింది. ఇది మంచి గుర్తు. ఏదీ బిగుసుకోలేదు, ఎక్కడో లంకె తెగింది. టార్చితో కింద దూరి, ఆవిణ్ణి పిడి ఆడించమన్నాను. ఇక్కడ చూడాల్సినవి మూడు చోట్లు. పిడి కదులుతున్నా పట్టీ కదలకపోతే, పట్టీని నిలువు కడ్డీకి పట్టి ఉంచే స్క్రూ వదులైంది. పట్టీ కదులుతున్నా అడ్డ కడ్డీ కదలకపోతే, ఆ రెంటినీ కలిపే స్ప్రింగు క్లిప్పు జారింది. అడ్డ కడ్డీ కూడా కదులుతూ బిరడా మాత్రమే నిలిచిపోతే, లోపలి కొన బిరడా అడుగున ఉన్న రంధ్రంలోంచి తప్పుకుంది, లేదా తుప్పు పట్టి విరిగింది.

ఆవిడ ఇంట్లో రెండోది. అల్మారాలో నెట్టిన సబ్బుపొడి పొట్లం పట్టీని పక్కకు తోసేసింది. క్లిప్పు ఆ పొట్లం వెనుకే పడి ఉంది. దాని రెండు కాళ్ల మధ్య పట్టీ ఉండేలా నొక్కి పట్టుకుని, అడ్డ కడ్డీని క్లిప్పు ఒక కాలి చిల్లులోంచి, పట్టీ చిల్లులోంచి, రెండో కాలి చిల్లులోంచి దూర్చి వదిలాను. బిరడా లేచింది.

కానీ పూర్తిగా లేవలేదు. 3 మిల్లీమీటర్లు లేచేసరికే పిడి కుళాయికి తగిలి ఆగిపోయింది, నీరు బద్ధకంగా దిగుతోంది. చాలామంది ఇక్కడే ఆపేసి "గొట్టంలో ఏదో అడ్డుపడింది" అనుకుంటారు. అడ్డు కాదు, లంకె పొడవు చాలలేదు. పట్టీ స్క్రూ వదులు చేశాను. అడ్డ కడ్డీ బయటి కొనను వెళ్లినంత కిందికి నొక్కితే బిరడా పూర్తిగా లేచింది. దాన్ని అలాగే పట్టుకుని, పిడిని దించి కుళాయికి అర సెంటీమీటరు ఎడంగా ఉంచి, స్క్రూ బిగించాను. మూసినా నీరు కారిపోయే బేసిన్లకు దీన్నే తలకిందులుగా చేయాలి. బయటి కొనను పైకెత్తి బిరడాను కూర్చోబెట్టి, పిడిని దాదాపు పూర్తిగా పైకి లాగి బిగించాలి. స్క్రూ తుప్పు పట్టి తిరగకపోతే బలవంతం చేయవద్దు. అడ్డ కడ్డీని పట్టీలో పక్క చిల్లుకు మార్చినా కొంత సర్దుబాటు అవుతుంది.

తర్వాత మూసి, బేసినులో నాలుగు వేళ్ల ఎత్తు నీరు పట్టి, మట్టం దగ్గర పెన్సిలుతో చిన్న గీత గీసి పది నిమిషాలు ఆగాం. గీత దగ్గరే ఉంది. కొత్త ఫిట్టింగు డబ్బా విప్పకుండానే దుకాణానికి తిరిగి వెళ్లింది.

మార్చాల్సిన సందర్భం లేదని కాదు. అడ్డ కడ్డీ కొనను తుప్పు తినేసి ఉంటే కడ్డీ మార్చాలి, గొట్టం మెడ పగిలితే గొట్టం మార్చాలి. కడ్డీ, బంతి, వాషర్లు విడిగా దొరుకుతాయి. పాతదాన్ని చేత పట్టుకుని వెళ్లండి, బంతి కొలత తేడాగా ఉంటే కూర్చోదు.

అపోహ: బిగుసుకున్న బిరడా మీద యాసిడ్ పోస్తే వదులుతుంది.

మూసిన బిరడా మీద పోస్తే అది అక్కడే నిలిచి మెరుగును తినేస్తుంది, కిందికి చేరినది కడ్డీని తినేస్తుంది. ఆ తర్వాత నట్టు విప్పేవాడి చేతుల మీద పడుతుంది. నా మణికట్టు మీద మచ్చ అలా వచ్చిందే. ఆ ఇంటివాళ్లు పోసిన సంగతి చెప్పలేదు. మీరు ఇప్పటికే పోసి ఉంటే, పనికి వచ్చినవాడికి ముందు అదే చెప్పండి. పిడి బరువుగా కదులుతుంటే కారణం సాధారణంగా వెంట్రుకలు, సబ్బు జిడ్డు. కింద బకెట్టు పెట్టి, బంతి దగ్గర నట్టు విప్పి, అడ్డ కడ్డీని వెనక్కి లాగితే బిరడా పైకి వచ్చేస్తుంది. కడిగి, రంధ్రం కడ్డీ వైపు ఉండేలా తిరిగి పెట్టండి.

అపోహ: ఆ నట్టు ఎంత బిగిస్తే అంత మంచిది.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే నమ్మి, పానాతో బిగించి ప్లాస్టిక్ నట్టును రెండు ముక్కలు చేశాను. మా మేస్త్రీ ఏమీ అనలేదు, ముక్కలు నా జేబులో వేశారు. చేతితో బిగిస్తే చాలు. తెరిచిన బిరడా తనంతట తానే దిగిపోతుంటే ఇంకో పావు చుట్టు. పిడి బరువెక్కితే పావు చుట్టు వెనక్కి. అయినా చుక్క కారుతుంటే తప్పు బిగింపులో లేదు, లోపలి వాషరు అరిగింది.

అపోహ: నూనె వేస్తే సరిపోతుంది.

పిడి దగ్గర ఒక చుక్క వేసుకోండి, తప్పు లేదు. జారిన క్లిప్పును నూనె తిరిగి తగిలించదు.