కొత్త ఉద్యోగంలో చేరే ముందు వారం రోజుల వ్యవధి కోరడం: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ రేణిగుంట, శ్రీసిటీ కర్మాగారాలకు ఉద్యోగులను ఎంపిక చేసే పనిలో ఉన్నందున, పాత సంస్థ నుండి బయటపడిన రోజుకూ కొత్త సంస్థలో చేరే రోజుకూ మధ్య ఒక వారం కావాలని అభ్యర్థులు రాసే మెయిళ్లను నేను తరచుగా చదువుతుంటాను. అడగవలసినవారిలో చాలామంది భయపడి అడగరు. అడిగినవారిలో కొందరు అడిగిన తీరు వల్లనే ఇబ్బంది పడతారు. ఈ రెండింటికీ మూలంలో కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: వారం అడిగితే ఆఫర్ రద్దు చేస్తారు.

నియామకం చేసే వైపు కూర్చున్నవారిని కలవరపెట్టేది ఆ ఏడు రోజులు కాదు, అభ్యర్థి అసలు చేరతాడో లేదో అన్న సందేహం. ఆఫర్ తీసుకుని, నోటీసు కాలమంతా మరో ఆఫర్ కోసం వెతికి, చేరవలసిన ఉదయం ఫోన్ ఆపేసుకునే అభ్యర్థులను ప్రతి హెచ్ఆర్ విభాగమూ చూసే ఉంటుంది. అందువల్ల "కొంచెం సమయం కావాలి", "నెలాఖరులోపు చేరతాను" వంటి మాటలు మెయిల్‌లో కనిపిస్తే అనుమానం కలుగుతుంది. చివరి పనిదినం ఏ తేదీయో, దానికి ఆధారం ఏమిటో, చేరే తేదీ ఏదో స్పష్టంగా రాసినప్పుడు ఆ అనుమానానికి చోటుండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎప్పుడు అడుగుతున్నామన్నది. చేరిక తేదీకి నెలన్నర ముందు వచ్చిన కోరికను శిక్షణ జాబితాలో ఒక పేరును కిందికి జరిపి తీర్చవచ్చు. నాలుగు రోజుల ముందు అడిగితే, అప్పటికే గుర్తింపు కార్డు, ల్యాప్‌టాప్, శిక్షణ ఇచ్చేవారి సమయం అన్నీ ఏర్పాటై ఉంటాయి కనుక అదే కోరిక భారమవుతుంది.

అయితే ఎవరికీ నిరాకరణ ఎదురుకాదని నేను చెప్పడం లేదు. కొత్త ఉత్పత్తి లైను ఫలానా తేదీన మొదలవుతుందని, ఆ రోజుకు మనిషి తప్పనిసరిగా ఉండాలని ఇంటర్వ్యూలోనే చెప్పిన ఉద్యోగాలకు వారం దొరకడం కష్టం. అలాంటి చోట కూడా "వీలుపడదు" అనే జవాబు వస్తుందే తప్ప, మర్యాదగా, ముందుగా అడిగినందుకే ఆఫర్‌ను వెనక్కి తీసుకున్న సందర్భం నా పనిలో నాకు ఎదురుకాలేదు.

అపోహ: పెద్ద కారణం చూపకపోతే ఒప్పుకోరు.

ఈ నమ్మకంతోనే కొందరు లేని అనారోగ్యాన్ని రాస్తారు, మరికొందరు "పాత కంపెనీ ఇంకా రిలీవ్ చేయలేదు" అని రాస్తారు. రెండోది మరీ ప్రమాదకరం. చేరిన రోజున ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో చివరి పనిదినం ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో పాత యజమాని నమోదు చేసే నిష్క్రమణ తేదీ కూడా అదే చెబుతుంది. వారం కోసం చెప్పిన అబద్ధం, ఉద్యోగానికి సంబంధించిన నేపథ్య పరిశీలనలో నిజాయితీ లోపంగా నమోదు కావచ్చు. ఇల్లు మారడం, పిల్లల బడి, ఇంట్లో శుభకార్యం వంటి ఉన్న కారణాన్ని ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

చిత్తూరుకు చెందిన ఒక ఉద్యోగిని విషయం చెబుతాను. రేణిగుంటలో ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారం నాణ్యతా విభాగంలో పనిచేస్తూ, హోసూరులో నెలకు 42,000 రూపాయల ఉద్యోగానికి ఎంపికయ్యారు. ఏప్రిల్ 13న రాజీనామా చేశారు, నోటీసు 60 రోజులు, చివరి పనిదినం జూన్ 12 శుక్రవారం. ఆఫర్‌లో చేరిక తేదీ జూన్ 15 సోమవారం. రాజీనామా ఆమోదించినట్లు మెయిల్ వచ్చిన రోజునే ఆమె కొత్త సంస్థకు రాశారు. ఆ మెయిల్ సారాంశం ఇది:

"మేడమ్, నమస్కారం. మీ ఆఫర్‌ను అంగీకరించిన సంగతి మీకు తెలిసినదే. ప్రస్తుత సంస్థలో నా చివరి పనిదినం జూన్ 12గా ఖరారైంది. వారి ఆమోద మెయిల్‌ను జతచేస్తున్నాను. చిత్తూరు నుండి హోసూరుకు కుటుంబంతో ఇల్లు మారవలసి ఉన్నందున, జూన్ 15కు బదులుగా జూన్ 22 సోమవారం చేరేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను. అనుమతించినట్లయితే మారిన తేదీతో ఆఫర్ లెటర్‌ను పంపగలరు. 22న చేరితే జూన్ జీతం ఏ నెలలో జమ అవుతుందో కూడా తెలియజేయగలరు."

ఇందులో క్షమాపణలు లేవు, జీవిత కథ లేదు. సోమవారమే ఎంచుకోవడం కూడా ఆలోచించి చేసిన పని, ఎందుకంటే ఆ సంస్థలో కొత్తవారిని సోమవారాల్లోనే చేర్చుకుంటారు. "15న చేరడం తప్పనిసరైతే అలాగే చేరతాను" అనే వాక్యాన్ని కొందరు చివర జోడిస్తారు. నిజంగా అలా చేరగలిగినప్పుడే దాన్ని రాయాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వాక్యం ఉంటే చాలామంది హెచ్ఆర్‌లు 15నే ఉంచేస్తారు.

అపోహ: పోయేది ఏడు రోజుల జీతమే.

ఆమె చివరి ప్రశ్న అడగడానికి కారణం ఇదే. లెక్క ప్రకారం ఆమె కోల్పోయేది ఏడు రోజులకు 9,800 రూపాయలు. కానీ ఆ సంస్థ పేరోల్‌ను, అంటే ఆ నెల జీతాల జాబితాను, ప్రతి నెలా 20వ తేదీకి మూసేస్తుంది. 15న చేరి ఉంటే జూన్ చివరి 16 రోజుల జీతం, అంటే 22,400 రూపాయలు జూన్ నెలాఖరుకే అందేది. 22న చేరితే తొమ్మిది రోజుల 12,600 రూపాయలు జూలై జీతంతో కలిసి జూలై చివరన వస్తాయి. పాత సంస్థ జూన్‌లోని 12 రోజుల జీతాన్ని తుది లెక్కల్లో కలిపి ఇస్తుంది, ఆ లెక్కలు తేలడానికి చాలా చోట్ల నెలకు పైగా పడుతుంది. అంటే మే నెల జీతం తర్వాత దాదాపు రెండు నెలలు చేతికి డబ్బు రాకపోవచ్చు, ఇంటి అడ్వాన్సు కట్టవలసింది కూడా అప్పుడే. ఏప్రిల్‌లోనే తెలిసింది కనుక ఆమె అందుకు తగినట్లు సర్దుకుని 22నే చేరారు.

అపోహ: వారం ఖాళీ ఉంటే పీఎఫ్ సర్వీసు తెగిపోతుంది.

తెగిపోదు. ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ సంఖ్య, అంటే యూఏఎన్ అదే ఉంటుంది, పాత ఖాతాలోని మొత్తాన్ని కొత్త ఖాతాకు బదిలీ చేసుకుంటే, పన్ను మినహాయింపు కోసం చూసే ఐదేళ్ల సర్వీసులో పాత కాలం కూడా కలుస్తుంది. చిక్కు వచ్చేది తేదీలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు. పాత యజమాని నమోదు చేసిన నిష్క్రమణ తేదీ కొత్త చేరిక తేదీ తర్వాత ఉంటే, రెండు చోట్లా ఒకేసారి పనిచేశారా అన్న ప్రశ్న వస్తుంది. మధ్యలో వారం ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు. ఆరోగ్య బీమా సంగతి మాత్రం వేరు. పాత సంస్థ గ్రూపు పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ముగుస్తుంది, కొత్తది చేరిన రోజు నుండి మొదలవుతుంది. ఇంట్లో వృద్ధులో గర్భిణులో ఉన్నవారు ఈ వారానికి సొంత పాలసీ ఉందో లేదో చూసుకున్నాకే తేదీ అడగాలి.

అపోహ: ఫోన్‌లో సరేనన్నారు కనుక సరిపోతుంది.

చాలా ఆఫర్ లెటర్లలో, పేర్కొన్న తేదీన చేరకపోతే ఆఫర్ దానంతట అదే రద్దవుతుందనే షరతు ఉంటుంది. ఫోన్‌లో ఒప్పుకున్న వ్యక్తి సెలవులో ఉన్నా, ఉద్యోగం మారినా, రికార్డులో పాత తేదీయే నిలిచి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడిన రోజునే "మీరు చెప్పినట్లుగా నా చేరిక తేదీ జూన్ 22 అని ధ్రువీకరించగలరు" అని మెయిల్ పెట్టాలి. జవాబు వచ్చాక జాయినింగ్ పోర్టల్‌లో కూడా తేదీ మారిందో లేదో చూడాలి, ఎందుకంటే మెయిల్‌లో ఒప్పుకుని పోర్టల్‌లో మార్చడం మరచిపోవడం మా విభాగాల్లో తరచుగా జరిగే పొరపాటు.