ల్యాండ్లు తీసేస్తే డెక్ బలపడుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డెక్ ఒకసారి చూసిపెట్టమని అడిగేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే మాట: "కార్డులన్నీ మంచివే, కానీ టైముకి చేతికి రావు." లిస్టు చూస్తే విషయం వెంటనే అర్థమవుతుంది. కొత్తగా దొరికిన పెద్ద కార్డులకు చోటు కావాలి కాబట్టి, మిగతా కార్డులు ఆడటానికి కావాల్సిన మనా ఇచ్చే ల్యాండ్లు తీసేసి ఉంటారు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డు గేము ఆడేవాళ్లకు ఎక్కువ గేములు పోగొట్టే అపోహ ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: ల్యాండ్ అంటే వృథా చోటు. ఒకటి తీస్తే ఒక మంచి కార్డు పెట్టుకోవచ్చు.

ఈమధ్య ఒక కుర్రాడు తెచ్చిన 60 కార్డుల డెక్ తీసుకుందాం. ల్యాండ్లు 20. మిగతా 40లో ఆడటానికి ఒక మనా ఖర్చయ్యే కార్డులు 2, రెండు మనావి 5, మూడు మనావి 9, నాలుగు మనావి 12, ఐదు మనావి 7, ఆరు మనావి 5. విడివిడిగా చూస్తే బలహీనమైన కార్డు ఒక్కటీ లేదు. కానీ డెక్ బరువంతా నాలుగో టర్న్ మీదే ఉంది.

ఇప్పుడు ఆ నాలుగో టర్న్ సంగతి చూద్దాం. మొదట మీరే ఆడుతుంటే అప్పటికి మీరు చూసేది 10 కార్డులు. మలిగన్, అంటే మొదటి చేతిని వెనక్కిచ్చి కొత్తది తీసుకోవడం, లేదనుకుంటే, 20 ల్యాండ్లతో ఆ పదిలో కనీసం 4 ల్యాండ్లు ఉండే అవకాశం సుమారు 44 శాతం. 24 ల్యాండ్లు పెడితే 63 శాతం. అంటే సగానికి పైగా గేముల్లో ఆ కుర్రాడి 12 నాలుగు మనా కార్డులు సమయానికి టేబుల్ మీదకి రావు. మంచి కార్డులకు చోటిద్దామని ల్యాండ్లు తీశాడు. ఆ కార్డులనే ఆడలేకపోతున్నాడు.

పక్కన కూర్చుని అతని గేము ఒకటి చూశాను. మొదటి ఆట అతనిదే. చేతిలో రెండు ల్యాండ్లు, ఒక మూడు మనా కార్డు, మూడు నాలుగు మనా కార్డులు, ఒక ఐదు మనా కార్డు. "అన్నా, కార్డులు భలే ఉన్నాయి, ఉంచెయ్యనా?" అన్నాడు. అది అతని గేము, అందుకని నేను ఏమీ చెప్పలేదు. ఉంచేశాడు. మూడో టర్న్ వరకు మూడో ల్యాండ్ రాలేదు. అప్పటికే అవతలి మనిషివి మూడు క్రీచర్లు కొడుతున్నాయి. "షఫ్లింగే బాలేదు అన్నా" అన్నాడు. ఆ చేతికి లెక్క ఇదీ: మిగిలిన 53 కార్డుల్లో ల్యాండ్లు 18. తర్వాతి రెండు డ్రాల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం 43 శాతం. అది దురదృష్టం కాదు, డెక్ కట్టిన రోజే పెట్టుకున్న పందెం.

ల్యాండ్లు పెంచడంతోనే పని అయిపోదు, కర్వ్, అంటే ఏ ఖర్చు కార్డులు ఎన్ని ఉన్నాయనే వరుస, కూడా దిగాలి. మొదటి నాలుగు టర్న్లలో ల్యాండ్ తప్పకుండా వేస్తే మీకు దొరికేది మొత్తం 10 మనా. మొదటి రెండు టర్న్లు చేతులు కట్టుకుని కూర్చుంటే అందులో 3 పోయినట్టే, ఇక అది తిరిగి రాదు. పాత లిస్టులో రెండు మనాలోపు కార్డులు ఏడే. అంటే రెండో టర్న్‌కి చూసే 8 కార్డుల్లో వాటిలో ఒక్కటీ ఉండని అవకాశం 35 శాతం. మేము మార్చిన లిస్టులో 24 ల్యాండ్లు పెట్టి, ఒక మనావి 6, రెండు మనావి 10, మూడు మనావి 9, నాలుగు మనావి 7, ఐదు మనావి 4 ఉంచాం. ఆరు మనావన్నీ బయటికి పోయాయి. చౌక కార్డులు 16 అయ్యేసరికి ఆ 35 శాతం కాస్తా 7 అయింది. తీసేసిన వాటిలో అతనికి బాగా ఇష్టమైన కార్డులు ఉన్నాయి, బాధపడ్డాడు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆరో టర్న్ దాకా బతికితేనే కదా ఆ కార్డులకు పని.

అలాగని 24 అనేది అందరికీ సరిపోయే అంకె కాదు. మూడు మనా దాటి కార్డే లేని, వేగంగా దాడిచేసే అగ్రో డెక్‌కి 20 చాలు, ఒక్కోసారి ఎక్కువ కూడా. మీది ఏ రకమో తేల్చుకోవాలంటే ఓడిన గేముల తర్వాత చేతిలో మిగిలినవి చూడండి. ప్రతిసారీ ఆడలేకపోయిన ఖరీదైన కార్డులే మిగిలితే ల్యాండ్లు తక్కువ, లేదా కర్వ్ ఎత్తు. చేయి ఖాళీ అయి ల్యాండ్ మీద ల్యాండ్ డ్రా అవుతుంటే ఒకటి తగ్గించవచ్చు. కానీ ఒక్క గేము చూసి మార్చకండి. హార్త్‌స్టోన్ అనే మరో కార్డు గేములో మనా దానంతటదే పెరుగుతుంది, ల్యాండ్ గొడవ లేదు. కర్వ్ గొడవ మాత్రం అక్కడా ఇంతే.

అపోహ: యాప్ షఫ్లర్ కావాలనే ల్యాండ్లు ఆపుతుంది.

ఈ పుకారు విని విని విసుగొచ్చింది. మ్యాజిక్ అరీనా యాప్‌లో ఒక్క గేము మ్యాచుల్లో మొదటి చేతిని సర్దే పద్ధతి ఉన్న మాట నిజమే. ఒకటికి మించి చేతులు తీసి, మీ డెక్‌లో ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఇచ్చేలా మొగ్గు చూపుతుంది. అది మీకు సాయమే. పైగా ఆ తర్వాతి డ్రాల జోలికి పోదు. మూడు గేముల మ్యాచుల్లో అది కూడా లేదు. నాలుగు గేములు వరుసగా ల్యాండ్ల కోసం ఎదురుచూసినవాళ్ల టెన్షన్ అర్థం చేసుకోగలను. కానీ షఫ్లర్‌ని తిట్టేముందు లిస్టులో ల్యాండ్లు లెక్కపెట్టండి.

అపోహ: రకరకాల కార్డులు ఒక్కొక్కటి పెడితే ఏ పరిస్థితికైనా జవాబు ఉంటుంది.

జవాబు డెక్‌లో ఉంటుంది, చేతిలో ఉండదు. మొదటి ఏడు కార్డుల్లో ఒక్క కాపీ కనిపించే అవకాశం సుమారు 12 శాతం, నాలుగు కాపీలుంటే 40. మీ ప్లాన్ నిలబడే కార్డులు నాలుగేసి పెట్టండి. ఒకేసారి రెండు చేతికొస్తే పనికిరాని కార్డులు, ఆఖర్లో ముగింపుకి వాడే ఖరీదైనవి ఒకటో రెండో చాలు. 61వ కార్డు గురించి కూడా అడుగుతుంటారు. నష్టం చిన్నదే కానీ లాభం ఏమీ లేదు, తీసేయండి.

అపోహ: డెక్లకు ర్యాంకులిచ్చే టియర్ లిస్టులో పైనున్న డెక్ కాపీ కొడితే చాలు.

ఎక్కువమంది ఆడే డెక్, ఎక్కువ గెలిచే డెక్ ఒకటి కాకపోవచ్చు. దాన్ని అలా ఉంచితే, మెటా, అంటే చుట్టూ ఎక్కువగా ఆడుతున్న డెక్లు, చదవడమంటే నాకు ముఖ్యంగా ఒకటే ప్రశ్న: ఎదుటివాళ్లు ఏ టర్న్‌కి నన్ను చంపేలా ఉన్నారు? మీ కర్వ్ ఎక్కడ మొదలవ్వాలో దానికి వచ్చే జవాబే చెబుతుంది.

ఉదాహరణకి పదిమందిలో ఆరుగురు వేగమైన డెక్లు ఆడుతున్నారనుకుందాం. మీరు వాళ్ల మీద 40 శాతం, నెమ్మదైన డెక్ల మీద 65 శాతం గెలుస్తారు. మొత్తం మీద 50 శాతం. రెండు ఖరీదైన కార్డులు తీసి, ఎదుటివాళ్ల క్రీచర్లను తీసేసే రెండు మనా రిమూవల్ పెట్టారు. వేగమైనవాళ్ల మీద 50కి పెరిగి, నెమ్మదైనవాళ్ల మీద 58కి తగ్గింది. మొత్తం ఇప్పుడు 53 పైచిలుకు. అదే వేగమైనవాళ్లు నలుగురే అయితే, పాత లిస్టు 55, కొత్తది దాదాపు అంతే. ఆ మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు. కాబట్టి పోయిన నెల లిస్టు తెచ్చుకునేముందు, మీరు ఆడే ర్యాంకులోనో టోర్నమెంటులోనో ఎదురైన చివరి ఇరవై మంది ఏం ఆడారో రాసి పెట్టుకోండి. ఇరవై మంది చిన్న శాంపిలే, అయినా వేగమా నెమ్మదా అన్నంత వరకు ఆ చీటీ సరిపోతుంది.