ఫ్రీలాన్సర్ నుంచి చిన్న ఏజెన్సీకి: పని బయటికి ఇవ్వడంపై అపోహలు - వాస్తవాలు

నేను వెబ్‌సైట్లు చేస్తాను. కొన్నేళ్లు ఒక్కడినే చేశా, ఇప్పుడు నాతో రెగ్యులర్‌గా పనిచేసే ముగ్గురున్నారు. ఎక్కువగా వినే మాటల మీద రాస్తున్నా.

అపోహ: చేతినిండా పని ఉందంటే ఇక ఏజెన్సీ పెట్టేయొచ్చు

చేతినిండా పని ఉండటానికి కారణం చాలాసార్లు మన రేటు తక్కువగా ఉండటమే. ముందు కొత్త క్లయింట్లకి రేటు పెంచి చూడండి, పెంచాక కూడా పని ఆగకపోతే అప్పుడు ఆలోచించొచ్చు. అదీ ఒక్క నెల హడావిడి చూసి కాదు, ఒకే రకం పని మూడు నాలుగు నెలలు వరుసగా వస్తోందా అన్నది చూడాలి. ఎందుకంటే ఒకే రకం పని అయితేనే ఎలా చేయాలో ఒకసారి రాసిపెట్టుకుని పదిసార్లు వాడుకోగలం, ప్రతిసారీ కొత్త రకం వస్తే వివరించడానికే సగం టైమ్ పోతుంది.

అపోహ: క్లయింట్ ఇచ్చేదాంట్లో సబ్‌కాంట్రాక్టర్‌కి ఇచ్చింది పోగా మిగిలిందంతా లాభమే

అందరూ దెబ్బతినేది ఇక్కడే, నేను కూడా తిన్నా. లెక్క చూద్దాం, ఏ కరెన్సీ అయినా ఒకటే. ఒక సైట్‌కి క్లయింట్ 100 ఇస్తాడు, నేనే చేస్తే 40 గంటలు పడుతుంది, అంటే గంటకి 2.5. అదే పని 60కి బయటికి ఇచ్చా, 40 మిగిలింది, ఊరికే వచ్చిన డబ్బులే కదా అనుకున్నా. తర్వాత నా గంటలు రాసి చూసుకుంటే పని వివరించడానికి 4, క్లయింట్ కాల్స్‌కి 5, వచ్చింది చెక్ చేయడానికి 5, తప్పులు నేనే సరిచేయడానికి 6, మొత్తం 20 గంటలు. 40ని 20తో భాగిస్తే గంటకి 2. అంటే నేనే కూర్చుని చేసుకున్నదానికంటే తక్కువ! మిగిలిన 20 గంటల్లో వేరే పని చేసి ఉంటే సరే, కానీ ఆ వారం చేతిలో వేరే పని లేదు.

అలాగని ఆపేయాల్సిన పని లేదు. అదే మనిషికి అదే రకం సైట్ మూడోసారి ఇచ్చేసరికి చెక్‌లిస్ట్ తయారుగా ఉంది, ఫైళ్లు ఎలా పంపాలో తనకి తెలుసు, నా టైమ్ 10 గంటలకి దిగింది. అప్పుడు గంటకి 4. కాబట్టి మొదటి ప్రాజెక్ట్ చూసి తేల్చేయకండి, కానీ మూడోది అయ్యాక కూడా మీ గంటలు తగ్గట్లేదంటే ఆ మనిషో ఆ పనో మీకు సరిపడట్లేదని అర్థం. ఈ లెక్క తెలియాలంటే గంటలు రాసుకోవాలి, అంచనాగా చెప్పుకుంటే మనం ఎప్పుడూ తక్కువే చెప్పుకుంటాం.

అపోహ: పని ఇచ్చేశాక తలనొప్పి వాళ్లది

క్లయింట్‌కి తెలిసింది మీరొక్కరే, ఆలస్యమైనా తప్పొచ్చినా ఫోన్ మీకే వస్తుంది. ఒకసారి డెడ్‌లైన్‌కి ముందురోజు రాత్రి పని నా చేతికొచ్చింది, ఫోన్‌లో మెనూ తెరుచుకోవట్లేదు, తెల్లారేదాకా కూర్చుని నేనే సరిచేశా. సబ్‌కాంట్రాక్టర్‌కి క్లయింట్ తేదీనే ఇవ్వడం నా తప్పు. ఇప్పుడు వారం ముందు తేదీ ఇస్తా, సగంలో ఒకసారి చూపించమంటా, కొత్తవాళ్లకైతే ముందు డబ్బులిచ్చి ఐదారు గంటల చిన్న పని చేయించి చూస్తా.

కాగితాలు కూడా చూసుకోండి. క్లయింట్‌తో మీ అగ్రిమెంట్‌లో పని వేరేవాళ్లకి ఇవ్వకూడదని ఉండొచ్చు. ఇంకోటి, బయటి మనిషి చేసిన పనికి కాపీరైట్ చాలా దేశాల్లో మొదట ఆ మనిషిదే అవుతుంది, రాతపూర్వకంగా మీకు బదిలీ చేయకపోతే మీది కాని దాన్ని మీరు క్లయింట్‌కి అమ్మినట్టే.

అపోహ: క్లయింట్ ఇచ్చాక సబ్‌కాంట్రాక్టర్‌కి ఇస్తే సరిపోతుంది

అలా చేస్తే మంచివాళ్లు రెండోసారి ఫోన్ ఎత్తరు. పని ముగిసిన వారంలో వాళ్లకి ఇవ్వాలి, క్లయింట్ మాత్రం 45 రోజులు తీసుకుంటాడు. పైన లెక్కలో అలాంటి సైట్లు ఒకేసారి మూడు నడిస్తే మీ జేబులోంచి 180 ముందే పోతుంది. అందుకే నేను క్లయింట్ దగ్గర సగం అడ్వాన్స్ వచ్చాకే పని బయటికి ఇస్తా, అడ్వాన్స్ ఇవ్వనివాళ్ల పని నేనే చేసుకుంటా.

అపోహ: ఏజెన్సీ అంటే ఉద్యోగులుండాలి

అక్కర్లేదు. సబ్‌కాంట్రాక్టర్‌కి పని ఉన్నప్పుడే ఖర్చు, ఉద్యోగికి పని లేని నెల కూడా జీతమే. ఒకే మనిషికి ఆరు నెలలుగా నెలంతా సరిపడా పని ఇస్తున్నాను, రెండు మూడు నెలల జీతం పక్కన ఉంది అన్నప్పుడు నేను ఉద్యోగం గురించి మాట్లాడతా. అసలు మీకు మాత్రమే పనిచేస్తూ మీరు చెప్పిన టైమ్‌కే వచ్చే మనిషిని కాగితం మీద సబ్‌కాంట్రాక్టర్ అని రాసుకున్నా చాలా చోట్ల చట్టం ఉద్యోగిగానే చూడొచ్చు, అక్కడిదాకా వస్తే ముందు అకౌంటెంట్‌నో లాయర్‌నో అడగండి.