పన్నెండు ఎకరాలు, ఒక ఆడపిల్ల, నదికి అటూ ఇటూ

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో భూమి తగాదా మొదలైతే ముందుగా వినిపించే మాట ఒకటుంది: "పెళ్ళికి పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా, ఇంకా దానికి వాటా ఏమిటి?" మాట్లాడేది సాధారణంగా అన్నదమ్ముల్లో పెద్దవాడు. తండ్రి పోయి ఏడాది దాటి ఉంటుంది. వీలునామా ఉండదు. పట్టా ఇంకా తండ్రి పేరునో, తాత పేరునో ఉంటుంది. ఆ అన్నగారి మాట ఒకప్పుడు చట్టానికి చాలావరకు దగ్గరగానే ఉండేది. ఎప్పటిదాకా దగ్గరగా ఉంది, ఎప్పుడు దూరమైంది అన్నది తెలియకపోవడం వల్లే ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇన్ని తగాదాలు.

1936 ఏప్రిల్ 1 దాకా పర్లాకిమిడి, బరంపురం, కొరాపుట్ అన్నీ మద్రాసు రాజధానిలో భాగమే. ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై ఇవి అందులోకి పోయాయి, మహేంద్రతనయ నదికి అవతలి పాతపట్నం మాత్రం మద్రాసులోనే మిగిలింది. సంబంధాలు కలుపుకోవడం ఆగలేదు. ఆస్తి పంపకంలో రెండు వైపులా పాటించింది కూడా ఒకే ధర్మం, మితాక్షర అనే పాత హిందూ ధర్మశాస్త్రం, అందులోనూ మద్రాసు సంప్రదాయం. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. తండ్రి పోతే ఆయన వాటా బతికున్న మగవాళ్ళలో కలిసిపోయేది. కూతురికి పెళ్ళి ఖర్చు, భార్యకు మనోవర్తి, అంతే. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాతో ఎవరికైనా రాసే హక్కు తండ్రికే లేదు. ఎందుకంటే ప్రాణం పోయిన క్షణంలోనే ఆ వాటా మిగతా మగవారి చేతికి పోతుంది, కాగితం పనిచేయడానికి ఆయన పేర ఏమీ మిగలదు.

1956 హిందూ వారసత్వ చట్టం దీన్ని సగం మార్చింది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాకు వీలునామా రాసుకోవచ్చంది. రాయకుండా పోతే ఆ వాటా భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికి ఉంటే తల్లికి సమానంగా పోతుందంది. ఈ మొదటి వరుసలో తండ్రి లేడు. పెళ్ళికాని కొడుకు పోతే తల్లికి వస్తుంది, తల్లి బతికుండగా తండ్రికి రాదు. ఇది విని నమ్మనివాళ్ళను చాలామందిని చూశాను. అయితే పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం 1956 తర్వాత కూడా మగపిల్లలకే మిగిలింది.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక కుటుంబంలో పన్నెండు ఎకరాల పిత్రార్జితం ఉందనుకుందాం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి 1998లో వీలునామా లేకుండా పోయారు. చట్టం ముందుగా ఆయన పోవడానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగినట్టు ఊహించుకోమంటుంది. పుట్టుకతో హక్కున్నవాళ్ళు తండ్రి, ఇద్దరు కొడుకులు. మనిషికి నాలుగు ఎకరాలు. మద్రాసు సంప్రదాయంలో పంపకం వేళ భార్యకు వాటా ఇవ్వడం ఎప్పుడో పోయింది. మహారాష్ట్ర కుటుంబాల్లో అయితే భార్యకూ ఒక వాటా తీస్తారు, నాందేడ్ వైపు లెక్క అందుకే వేరుగా వస్తుంది. ఇప్పుడు తండ్రి వాటా నాలుగు ఎకరాలను నలుగురు వారసులకు పంచితే తలా ఒక ఎకరం. కొడుకులకు ఐదేసి ఎకరాలు, తల్లికి ఒకటి, కూతురికి ఒకటి. ఆనాటి చట్టం ప్రకారం కూతురి చేతికి వచ్చేది అదే.

ఇక్కడే నది అడ్డం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని తన వరకు సవరించుకుని కూతుళ్ళకూ పుట్టుకతో హక్కు ఇచ్చింది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు, అప్పటికే పంచుకున్న ఆస్తికి అది వర్తించదు. మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టింది. ఒడిశా పట్టలేదు. దాంతో 1985 చివర్లో పాతపట్నంలో పెళ్ళికాకుండా ఉన్న ఆడపిల్ల తన అన్నతో సమానంగా హక్కుదారు అయింది. మహేంద్రతనయకు అటు పర్లాకిమిడిలో ఉన్న ఆమె పినతండ్రి కూతురు కాలేదు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే తాత. ఈ తేడా ఇరవై ఏళ్ళు నడిచింది. ఆ ఇరవై ఏళ్ళలో పెళ్ళిళ్ళయి వెళ్ళిన ఆడవాళ్ళు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉన్నారు. వాళ్ళ తండ్రులు ఒక్కొక్కరే పోతున్నారు. ఇప్పుడు తహసీలు ఆఫీసుల్లో నలుగుతున్న కాగితాల్లో చాలా వాళ్ళవే.

2005 సెప్టెంబరు 9న కేంద్రం మొత్తం దేశానికి చట్టం మార్చింది. పెళ్ళయిందా లేదా అన్న షరతు లేకుండా కూతురికి పుట్టుకతో హక్కు వచ్చింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది: ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా? కోర్టులు రెండు రకాలుగా చెబుతూ వచ్చాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: తండ్రి బతికి ఉండనక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చింది కనుక. 1998లో చట్టం ఊహించుకున్న పంపకం నిజమైన పంపకం కాదు, వాటాలు లెక్క కట్టడానికి వేసుకున్న ఊహ మాత్రమే.

కాబట్టి మన పన్నెండు ఎకరాలు ఇంకా ఉమ్మడిగానే ఉంటే లెక్క మళ్ళీ మొదలవుతుంది. హక్కుదారులు ఇప్పుడు నలుగురు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా మూడు ఎకరాలు. తండ్రి మూడు ఎకరాలు నలుగురు వారసులకు పంచితే ముప్పావు ఎకరం చొప్పున. పిల్లలు ముగ్గురికీ మూడు ముప్పావు, తల్లికి ముప్పావు. ఒక ఎకరం అనుకున్న కూతురి వాటా మూడు ముప్పావు అయింది. పసుపు కుంకుమల కింద ఇచ్చినదాన్ని ఇందులోంచి తగ్గించమని చట్టంలో ఎక్కడా లేదు.

అన్నదమ్ముల వైపు నుంచి వచ్చే జవాబు ఒకటే: "మేం 1999లోనే పంచుకున్నాం." దీనికి చట్టం పెట్టిన గీత 2004 డిసెంబరు 20. ఆ తేదీకి ముందు రిజిస్టరు అయిన పంపకం దస్తావేజు గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటే కూతురు దాన్ని తిరగదోడలేదు. ఊళ్ళో పెద్దల ముందు నోటిమాటగా పంచుకుని నోటుపుస్తకంలో రాసుకున్న పంపకాల చీటీ సాధారణంగా నిలవదు. విడివిడి పట్టాలు, విడివిడి శిస్తు రసీదులు అప్పటినుంచీ వరుసగా ఉంటేనే కోర్టు అరుదుగా దాన్ని ఒప్పుకుంటుంది. నిన్నమొన్న తయారుచేసిన చీటీకి పాత తేదీ వేసినంత మాత్రాన పని జరగదు.

ఇంకో పెద్ద పొరపాటు "తాత ఆస్తి" అన్న మాటలో ఉంది. తాత తన సంపాదనతో కొన్న భూమి 1956 తర్వాత వీలునామా లేకుండా కొడుక్కి వస్తే, అది కొడుకు చేతిలో సొంత ఆస్తే అవుతుంది, పిత్రార్జితం కాదు. 1986లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. అలాంటి భూమిలో మనుమడికీ మనుమరాలికీ పుట్టుకతో వాటా రాదు. ఆ కొడుకు దాన్ని ఎవరికైనా రాయవచ్చు. రాయకుండా పోతే భార్యా పిల్లలకు సమానం. అందుకే వాటా లెక్కకు ముందు భూమి చరిత్ర తీయాలి. పట్టాలో తాత పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆయనకు అది ఎలా వచ్చిందో, కొన్న దస్తావేజుందో, అంతకు ముందు సెటిల్‌మెంటు రికార్డులో ఎవరి పేరుందో చూడాలి.

వీలునామా ఉంటే ఇదంతా తప్పుతుందా? కొంతవరకే. "నా పన్నెండు ఎకరాలు నా ఇద్దరు కొడుకులకు" అని పై తండ్రి రాసి ఉన్నా ఆ మాట ఆయన మూడు ఎకరాలకే చెల్లుతుంది. తనది కానిది రాయలేడు. స్వార్జితమైతే మొత్తం రాయవచ్చు, కూతురికి ఏమీ ఇవ్వకపోయినా చెల్లుతుంది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెలుగులో తెల్లకాగితం మీద రాసినా చాలు. ఒడిశాలో రిజిస్టరు చేయించేటప్పుడు మాత్రం ఆ భాష జిల్లాలో వాడుకలో లేకుండా, అధికారికీ రాకుండా ఉంటే అనువాదం జతచేయాలి. తప్పనిసరి అయినవి రాసిన మనిషి సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. నేను చూసిన ఒక వీలునామాలో ముసలాయన వేలిముద్ర చక్కగా పడింది, రాత కూడా ముత్యాల్లా ఉంది. రెండో సాక్షి సంతకం వేరే సిరాతో ఉంది. అడిగితే ఆయన దాపరికం లేకుండా చెప్పాడు: "రెండు రోజుల తర్వాత మా కొట్టుకు తెచ్చి పెట్టించారు." సాక్షి సంతకం చేసేది రాసిన మనిషి ఎదుట కావాలి. అంత ప్రేమగా రాయించుకున్న కాగితం ఆ ఒక్క మాటతో పోయింది. కోర్టులో వీలునామాను రుజువు చేయడానికి సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి గనుక, వయసులో తనకంటే చిన్నవాళ్ళను, అందుబాటులో ఉండేవాళ్ళను, ఆస్తి రానివాళ్ళను ఎంచుకోవడం మంచిది.

కటక్ బంధువులు "ప్రొబేటు తెచ్చుకున్నారా?" అని అడిగితే కంగారు పడనక్కర్లేదు. హిందువుల వీలునామాకు కోర్టు ధ్రువీకరణ తప్పనిసరి చేసిన పాత నియమం 1870 నాటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు పాలనలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి నగరాలకు వర్తించేది. కటక్, పూరీ, బాలాసోర్ అప్పట్లో బెంగాల్ కింద ఉన్నాయి. గంజాం మద్రాసు కింద ఉంది, కానీ మద్రాసు నగరం కాదు. అలా ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు నడిచాయి. 2025 చివర్లో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది.

ఈ లెక్కలన్నీ హిందూ వారసత్వ చట్టం వర్తించేవారికే. షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. గజపతి, రాయగడ జిల్లాల్లో మన పక్క ఊళ్ళలో ఉండే సవర, కోంధు కుటుంబాల పంపకాలను వాళ్ళ ఆచారం బట్టే చూడాలి. ముస్లింలకు వారి ధర్మం వేరు.

చివరిగా తహసీలు సంగతి. తండ్రి పోయాక వారసుల ధ్రువపత్రం తీసుకుని మ్యుటేషనుకు, అంటే పట్టాలో పేరు మార్పుకు వెళ్తారు. అక్కడ ఆడపిల్లల చేత "మాకు అభ్యంతరం లేదు" అని ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టించి, ఇక ఆమె హక్కు వదులుకున్నట్టే అనుకుంటారు. హక్కు వదులుకోవడానికి రిజిస్టరు అయిన విడుదల దస్తావేజు కావాలి. మ్యుటేషను శిస్తు ఎవరు కట్టాలో చెబుతుంది, భూమి ఎవరిదో తేల్చదు. పట్టాలో అన్నదమ్ముల పేర్లే పడినా కూతురు సివిల్ కోర్టులో విభజన దావా వేయవచ్చు. ఆ దావాకు ముందుగా సర్దుకోవలసింది పేర్లు. తెలుగులో ఇంటిపేరు ముందు, ఒడియా పట్టాలో చివర. పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు. ఈ మూడూ ఒకే మనిషివని చూపడానికి పుట్టింటి పాత రేషను కార్డు, బడి సర్టిఫికెట్ దాచి ఉంచుకున్న ఆడపిల్లకు ఏళ్ళ తరబడి తిరుగుడు తప్పింది.