హకారం వెనక పకారం

కన్నడంలో పాలను హాలు అంటారు. పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పగలు హగలు, పొగ హొగె, పంది హంది. తెలుగువాళ్ళు వీటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టాల్సిన పని లేదు. మాట మొదట్లో హకారం వినబడితే దాన్ని పకారంగా మార్చి చూడండి, సగానికి సగం సార్లు మనింటి మాటే బయటపడుతుంది.

ఇది కాకతాళీయం కాదు. 10వ శతాబ్దంలో పంపకవి రాసిన కన్నడంలో ఈ మాటలు పకారంతోనే ఉండేవి. తర్వాతి కొన్ని శతాబ్దాల్లో మాట మొదట్లోని పకారం మెల్లగా హకారమైంది. తెలుగు, తమిళం మాత్రం పకారాన్ని వదల్లేదు. పాత కన్నడానికున్న హళగన్నడ అన్న పేరులోని హళ కూడా ఒకప్పటి పళే, అంటే మన పాత.

ఇంకో చోట మారింది మనమే. ఇ, ఎ అచ్చుల ముందున్న కకారాన్ని తెలుగు చకారం చేసుకుంది, కన్నడం అలాగే ఉంచుకుంది. అందుకే మన చెవి వాళ్ళకు కివి, చెరువు కెరె, చెడు కెడు. కాబట్టి ఎవరు ఏది మార్చారో తెలుసుకుంటే చాలు, ఒక సూత్రంతో పదుల మాటలు చేతికొస్తాయి.

అయితే సూత్రానికి హద్దులున్నాయి. పకారం జంటగా ఉన్నప్పుడు అది మారలేదు: ఉప్పు, తప్పు ఇప్పటికీ ఉప్పు, తప్పులే. ఈ తేడా చూడ్డానికి ఒక్క జత మాటలు చాలు. పది హత్తు అయింది కానీ ఇరవై ఇప్పత్తుగానే ఉంది. దాన్ని 'ఇహత్తు' అనేస్తే సూత్రం వంట పట్టిందని అర్థం, కన్నడం వంట పట్టలేదని కూడా. పుస్తక, పత్ర లాంటి సంస్కృత పదాలు ఈ మార్పు బయటే ఉండిపోయాయి. అలాగే సంస్కృతం నుంచి వచ్చిన హిమ, హానిల హకారం కింద పకారాన్ని తవ్వితే ఏమీ దొరకదు.

ళకారాన్ని అశ్రద్ధ చేస్తే ఇంకో చిక్కు. హులి అంటే పులి, హుళి అంటే పులుపు. తెలుగులో పులికీ పులుపుకీ ఒకటే లకారం కాబట్టి మన చెవి ఆ తేడాను పట్టించుకోదు. తమిళంలోనూ పులి, పుళి వేరే. అందుకే అనుమానం వస్తే నేను తమిళాన్ని మూడో సాక్షిగా పిలుస్తాను. అక్కడా పోలిక కుదిరితే మాట మూడిళ్ళదీ అని ధీమాగా ఉండొచ్చు.

ఇదంతా మాట రూపం సంగతి. అర్థానికి సూత్రం ఏ పూచీ ఇవ్వదు. అసలు చుట్టరికమే లేకుండా ఒకేలా వినబడే మాటలూ ఉంటాయి. 'అడిగె మాడిదె' అని కన్నడంలో అంటే 'వంట చేశాను' అని. అడిగె అంటే వంట, మాడు అంటే చేయి. మన చెవికి మాత్రం ఏదో అడగడం, ఏదో మాడిపోవడం వినిపిస్తాయి. అయితే ఇలాంటివి పెద్ద ప్రమాదం కాదు. వాక్యం అర్థంలేకుండా పోతుంది కాబట్టి పొరపాటు వెంటనే తెలిసిపోతుంది.

నిజంగా చుట్టాలై, మర్యాదలో తేడా వచ్చిన మాటలూ ఉన్నాయి. మన పోవు, వాళ్ళ హోగు ఒకే వేరు నుంచి వచ్చాయి. ఒకరిని 'పో' అంటే తెలుగులో మొరటు, అందుకని మర్యాదకు వెళ్ళు వాడతాం. కన్నడంలో మాత్రం వెళ్ళడానికి మామూలు మాట హోగే. 'హోగి' అంటే 'వెళ్ళండి'. తెలుగు సంకోచంతో దాన్ని వాడకుండా తప్పించుకోబోతే వాక్యం నడవదు.

అన్నిటికంటే మోసం చేసేవి, అర్థం కొంచెం పక్కకు జరిగినా వాక్యంలో చక్కగా ఇమిడిపోయేవి. మన తొందరకు కన్నడంలో అవసర అంటారు. తొందరె అంటే ఇబ్బంది. మన అవసరానికి వాళ్ళ మాట అవశ్యకతె, లేదా మామూలుగా 'బేకు'. నేను కన్నడం కొత్తగా మాట్లాడే రోజుల్లో, ఒకాయనతో మాటలు ముగించి బయల్దేరుదామని 'నంగె స్వల్ప తొందరె ఇదె' అన్నాను, కాస్త తొందరగా ఉంది అనుకుంటూ. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకొని, 'ఏను తొందరె?' అని అడిగారు. ఏం తొందరని అడుగుతున్నారనుకొని, బస్సుకు టైమైందన్నాను. డబ్బులున్నాయా అని అడిగారాయన. ఆయన ప్రశ్నకు నా జవాబు అతకలేదని అప్పుడే గ్రహించాను, ఈలోగా బస్సు వెళ్ళిపోయింది.